పండగ పూట పని మాట వద్దు

2024 ఏప్రిల్ 9, క్రోధి నామ సంవత్సర ఉగాది. పొద్దున్న ఏడింటికి మా ఆఫీసు ఫోన్లోంచి నూట నలభై మంది క్లయింట్లకు ఒకే బొమ్మ వెళ్ళింది. మామిడి తోరణం, వేపపూత, మధ్యలో కలశం. కింద మా సంస్థ పేరు, ఫోను నంబరు, 'జీఎస్టీ, ఆదాయపు పన్ను, ఆడిట్ పనులకు సంప్రదించండి' అన్న వాక్యం. ఆ బొమ్మను చేయించింది నేనే. బాగుందని కూడా అనుకున్నాను.

నెల తర్వాత ఒక క్లయింటు ఏదో సంతకానికి వచ్చారు. పని అయ్యాక కుర్చీలోంచి లేస్తూ, గొంతు ఏమాత్రం పెంచకుండా, "ఆడిటర్ గారూ, ఈ ఏడు మాకు పండగ లేదండి. మీకు తెలుసు కదా" అన్నారు.

నాకు తెలుసు. ఆయన భార్య జనవరిలో పోయారు. వాళ్ళ కిరాణా కొట్టు ఆవిడ పేరు మీదే ఉండేది. ఆ జీఎస్టీ రిజిస్ట్రేషను రద్దు చేయమని, మరణ ధ్రువపత్రం జత చేసి, ఫిబ్రవరిలో దరఖాస్తు పెట్టింది మా ఆఫీసే. ఇంట్లో మనిషి పోతే ఆ ఏడాది పండగ చేసుకోరన్నది మా గోదావరి జిల్లాల్లో చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతి. అయినా ఆ ఇంటికి కలశం బొమ్మ పంపించాం. బీరువాలో ఉన్న ఫైలుకు ఆవిడ లేరని తెలుసు. ఫోన్లో ఉన్న జాబితాకు తెలియదు. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి ఎవరూ చూడలేదు.

తాడేపల్లిగూడెంలో మాది చిన్న ఆఫీసు. నేనూ, ఇద్దరు గుమాస్తాలూ. క్లయింట్లలో ఉల్లిపాయల వ్యాపారులు, బియ్యం మిల్లుల వాళ్ళు, మందుల షాపులు, ఒకరిద్దరు డాక్టర్లు. అందరితోనూ ఏళ్ళ పరిచయం. ఆ రోజు నుంచి పండగ శుభాకాంక్షలు పంపే పద్ధతి మొత్తం మార్చుకున్నాను. నాలాగే క్లయింట్ల నమ్మకం మీద బతికే వాళ్ళు మన ఊళ్ళల్లో చాలామంది ఉన్నారు. వాళ్ళకు పనికొస్తుందేమోనని ఆ పద్ధతిని ఇక్కడ రాస్తున్నాను.

మొదట చేసిన పని ఒక నోటు పుస్తకం కొనడం. క్లయింటుకు ఒక పేజీ. ఆ మనిషిని మేం నోటితో ఎలా పిలుస్తామో పైన రాశాం: బాబాయి గారు, మేడం గారు, మాస్టారు. ఆ కింద వాళ్ళింట్లో చేసుకునే పండగలు. ఆ కింద 'ఇంటి మాట' అని ఒక భాగం. పెళ్ళి, చావు, మనవడు పుట్టడం, మోకాలి ఆపరేషను, కొత్త ఇల్లు, ఏదైనా సరే, తెలిసిన తేదీతో సహా అందులోకి వెళ్తుంది. చివర, పోయినసారి పండక్కి ఏం రాశామో ఒక్క ముక్క. అది లేకపోతే ఏటా అదే మాట రాస్తాం. చదివే వాళ్ళకు అది వెంటనే తెలిసిపోతుంది.

ఇంటి మాట రాయడానికి మాకో కట్టుబాటు ఉంది. క్లయింటు తన నోటితో మాకు చెప్పిందే అందులో రాయాలి. లెక్కల్లో మాకు కనిపించింది రాయకూడదు. ఆడిటరు కళ్ళకు చాలా కనిపిస్తాయి. అబ్బాయికి కొన్న కారు బిల్లు, ఆసుపత్రి ఖర్చు, బ్యాంకు నుంచి తెచ్చిన అప్పు. వాటిలో ఏ ఒక్కటి ప్రస్తావించి శుభాకాంక్షలు చెప్పినా, 'ఈయన మన కాగితాలు ఇలా చదువుతున్నాడా' అనిపిస్తుంది. పైగా పండగపూట ఫోను ఒక్కరి చేతిలో ఉండదు. కోడలు చూస్తుంది, బావమరిది చూస్తాడు. వాళ్ళకు తెలియని ఖర్చు మన సందేశంలో బయటపడితే అది శుభాకాంక్షల పొరపాటుతో పోదు. క్లయింటు రహస్యం బయటపెట్టిన నేరమవుతుంది.

ఏ ఇంటికి ఏ పండగ అన్నది పేరు చూసి తేల్చగలమని నేనూ మొదట్లో అనుకునేవాడిని. తేల్చలేం. మా ప్రాంతంలో క్రైస్తవ కుటుంబాల్లో చాలామందికి హిందూ పేర్లే ఉంటాయి. అందుకని ఊహించడం మానేసి, మాటల సందర్భంలో అడిగి రాసుకున్నాం. "మీకు క్రిస్మసా, సంక్రాంతా?" అంటే ఎవరూ ఏమీ అనుకోలేదు. కొందరు "రెండూనండీ" అని నవ్వారు. పుస్తకం పూర్తయ్యాక లెక్క చూస్తే, నూట నలభై మందిలో ఇరవై రెండు ఇళ్ళకు క్రిస్మస్, పదిహేడు ఇళ్ళకు రంజాన్. ఆ ఏడాది మైలలో ఉన్నవి తొమ్మిది ఇళ్ళు. అవి పోను ఉగాదికి రాయాల్సినవి తొంభై రెండు.

రంజాన్ విషయంలో ఒక జాగ్రత్త చెప్పాలి. నెలవంక కనబడితేనే పండగ కాబట్టి, ముందే తేదీ పెట్టేసి సందేశం దానంతటది వెళ్ళేలా అమర్చకూడదు. 2025లో ఉగాది మార్చి 30న, ఆదివారం వచ్చింది. ఆ సాయంత్రం నెలవంక కనబడటంతో మర్నాడే రంజాన్ అయింది. అలా రెండు పండగలు వరసగా పడ్డాయి. మా పదిహేడు ఇళ్ళకు ఆదివారం ఏమీ పంపలేదు. సోమవారం నమాజు అయి ఇళ్ళకు చేరే వేళకు పంపాం.

ఉగాది సందేశం ఎప్పుడు పంపాలన్నది అంతకంటే తిరకాసు. పండగ పొద్దున్న అందరి ఫోన్లూ బొమ్మలతో నిండిపోతాయి కదా, ముందురోజు సాయంత్రం పంపితే తీరిగ్గా చదువుతారు అనిపిస్తుంది. నేను ఒక ఏడాది అలాగే చేశాను. మా పెద్ద గుమాస్తా గారు విని, "అయ్యా, ముందురోజు అమావాస్య" అన్నారు. నిజమే. ఉగాది అంటే చైత్ర శుద్ధ పాడ్యమి. దాని ముందురోజు ఎప్పుడూ కొత్త అమావాస్యే. మా మార్కెట్టులో పాతకాలపు వ్యాపారులు అమావాస్య నాడు కొత్త బేరం మొదలుపెట్టరు, కొత్త పుస్తకం తెరవరు. అలాంటి వాళ్ళకు కొత్త ఏడాది శుభం ఆ రోజే చేరితే మనసులో ఎక్కడో గుచ్చుకుంటుంది. అందుకని ఇప్పుడు పండగ రోజే, పదీ పదకొండు గంటల మధ్య పంపుతున్నాం. తలంట్లు, పూజ, పచ్చడి అన్నీ అయి మనిషి ఒక చోట కూర్చునే వేళ అది. పొద్దుటి బొమ్మల వెల్లువ కూడా అప్పటికి తగ్గుతుంది.

ఇక రాయడం. ఒక సందేశం ఎలా మారిందో చెబితే మిగతావి అర్థమవుతాయి. 2025 ఉగాదికి మా చిన్న గుమాస్తా ఒక ఉల్లిపాయల వ్యాపారి కోసం రాసి తెచ్చిన మొదటి ప్రతి ఇది:

'మా గౌరవ క్లయింట్లకు విశ్వావసు నామ సంవత్సర ఉగాది శుభాకాంక్షలు. మాపై మీరు ఉంచిన నమ్మకానికి ధన్యవాదాలు. ఇకపై కూడా మీ సేవలో ఉంటామని తెలియజేస్తున్నాము. మార్చి 31 లోగా పెట్టుబడుల వివరాలు పంపగలరు.'

కుర్రాడి తప్పేం లేదు. మనకు వచ్చే శుభాకాంక్షలన్నీ ఇలాగే ఉంటాయి. ఇద్దరం కూర్చుని ఒక్కో మాటా పరీక్షించాం. చివరి వాక్యం పనిమాట కాబట్టి ముందే పోయింది. 'మీ సేవలో ఉంటాము' అన్నది వినయంలా వినిపిస్తుంది గానీ, 'వచ్చే ఏడు కూడా మాకే పని ఇవ్వండి' అని దాని అర్థం. అదీ పోయింది. 'మీ నమ్మకానికి ధన్యవాదాలు' దగ్గర కాసేపు ఆగాం. ధన్యవాదం చెప్పడం తప్పు కాదు. కానీ ఆ మాట వినగానే ఆయనకు గుర్తొచ్చేది మాకు కట్టే ఫీజు. పండగపూట ఆయనకు ఆడిటరు గుర్తుకు రానక్కర్లేదు. తెలిసిన మనిషి గుర్తుకొస్తే చాలు. అందుకని అదీ కొట్టేశాం. 'గౌరవ క్లయింట్లకు' అన్న పిలుపు ఎవరినీ పిలవదు. అదీ తీసేస్తే మిగిలింది 'ఉగాది శుభాకాంక్షలు' ఒక్కటే.

అప్పుడు నోటు పుస్తకం తెరిచాం. ఆయన పేజీలో, వాళ్ళమ్మాయి పోయినేడు ఇంటర్ రెండో సంవత్సరం పరీక్షలు రాసిందని, ఆగస్టులో ఇంజనీరింగులో చేరిందని ఉంది. రెండూ ఆయన టీ తాగుతూ చెప్పినవే. చివరికి వెళ్ళిన సందేశం ఇది:

'బాబాయి గారికి నమస్కారం. ఉగాది శుభాకాంక్షలు. పోయిన ఉగాదికి పాప ఇంటర్ ఫలితాలు ఇంకా రాలేదని మీరు కంగారు పడుతున్నారు. ఈ ఉగాదికి కాకినాడ నుంచి ఇంజనీరింగు పుస్తకాలతో ఇంటికి వచ్చి ఉంటుంది. పిన్నిగారికి నా నమస్కారాలు చెప్పండి. ఈ ఏడాది మీ ఇంట్లో అందరికీ ఆరోగ్యంగా గడవాలి.'

కింద నా పేరు ఒక్కటే. చిహ్నం, చదువుల అక్షరాలు, ఆఫీసు చిరునామా ఏవీ లేవు. నంబరు ఆయన ఫోన్లో ఎలాగూ ఉంటుంది. కింద మళ్ళీ రాస్తే సందేశం విజిటింగ్ కార్డు అయిపోతుంది. బొమ్మ కూడా పెట్టలేదు. బొమ్మ పెడితే దాన్ని చూసి వదిలేస్తారు. పక్కనున్న మాట చదవరు. మా అనుభవం అదీ.

అక్షరాలు లెక్క చూడండి, చిన్న సందేశమే. అలాగే ఉండాలి. ఇంకాస్త పొడుగైతే, దానికి తగినంత పొడుగు జవాబు రాయాల్సిన బరువు చదివే వాళ్ళ మీద పడుతుంది. అందుకే ప్రశ్న కూడా అడగం. 'పాప వచ్చిందా?' అని అడిగితే ఆయన జవాబివ్వాలి. 'వచ్చి ఉంటుంది' అంటే ఇవ్వొచ్చు, మానేయొచ్చు.

ఒక్కొక్కరికి విడిగా రాయడం కుదిరే పనేనా అని తోటి ఆడిటర్లు అడుగుతుంటారు. పుస్తకం ముందుంటే ఒక్కోదానికి మూడు నిమిషాలు. తొంభై రెండింటికి కలిపి దాదాపు నాలుగున్నర గంటలు. మార్చి 15న అడ్వాన్సు టాక్సు ఆఖరి వాయిదా గడువు ముగుస్తుంది. 2025లో ఆ తర్వాత నాలుగు సాయంత్రాలు, రోజుకో గంట పైచిలుకు పట్టింది. ముందే రాసి పెట్టుకుని పండగ రోజున పంపడమే. క్లయింట్లు వేలల్లో ఉన్నవాళ్ళకు ఇది సాధ్యం కాదని ఒప్పుకుంటాను. వాళ్ళు అందరికీ ఒకే బొమ్మ పంపే బదులు, బాగా తెలిసిన వంద మందికి రాసి మిగతా వాళ్ళను వదిలేయడం మేలని నా అభిప్రాయం.

అందరికీ ఒకేసారి పంపే మార్గాల్లో చిక్కులు వేరే ఉన్నాయి. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మంది వరకు పెట్టొచ్చు గానీ, మన నంబరును తమ ఫోన్లో దాచుకున్న వాళ్ళకే అది చేరుతుంది. మిగతా వాళ్ళకు చేరలేదని మనకు ఎవరూ చెప్పరు. ఆ సందేశం మీద వేలు నొక్కి పట్టి వివరాలు తెరిస్తే ఎంతమందికి అందిందో కనబడుతుంది. 2024లో మా నూట నలభైలో నలభై మందికి పైగా అసలు అందనే లేదు. పెద్ద సంస్థలు వాడే యంత్రపు పద్ధతిలోనైతే, జరిగిన లావాదేవీకి సంబంధం లేని సందేశాన్ని వాట్సాప్ మార్కెటింగ్ కిందే లెక్కగడుతుంది. అందులో అమ్మకం మాట ఒక్కటి లేకపోయినా సరే. అన్నిటికంటే ప్రమాదం గ్రూపు. నాకు తెలిసిన ఒకాయన శుభాకాంక్షల కోసం క్లయింట్లందరినీ ఒక గ్రూపులో చేర్చారు. ఒకే వీధిలో పోటీ పడే ఇద్దరు మందుల షాపుల వాళ్ళకు తమ ఆడిటరు ఒకరేనని ఆ రోజు తెలిసింది. వారం తిరక్కుండా ఇద్దరూ ఫైళ్ళు తీసుకెళ్ళిపోయారు.

మా వృత్తికి ఇంకో కట్టడి కూడా ఉంది. చార్టర్డ్ అకౌంటెంట్లు పని కోసం ప్రకటనలు చేసుకోకూడదని, క్లయింట్లను అడుక్కోకూడదని 1949 నాటి చట్టమే చెబుతోంది. గ్రీటింగ్ కార్డుల మీద హోదా, సంస్థ పేరు వేసుకోవచ్చని మా ఇన్‌స్టిట్యూట్ అనుమతించింది గానీ, అవి క్లయింట్లకు, బంధువులకు, దగ్గరి స్నేహితులకు మాత్రమే పంపాలని హద్దు గీసింది. తెలియని వాళ్ళకు పంపితే అది పని అడగడమే అవుతుంది. ఆ గీత సరైన చోటే ఉందని నేను నమ్ముతాను. తెలియని మనిషికి పంపడానికి నా దగ్గర ఇంటి మాట ఏముంటుంది?

మరి పనిమాట ఎక్కడికి పోవాలి? ఉగాదితో ఆడిటర్లకు ఉన్న ఇబ్బందే ఇది. ఈ పండగ ఎప్పుడూ ఆర్థిక సంవత్సరం ముగిసే రోజుల చుట్టూ తిరుగుతుంది. 2025లో మార్చి 30న ఉగాది, మర్నాడే ఏడాది లెక్కలకు ఆఖరు రోజు. 2026లో పరాభవ ఉగాది మార్చి 19న పడింది. ఆ మర్నాడు నెలవారీ జీఎస్టీ రిటర్నుకు గడువు. గడువు పండగను చూసి ఆగదు, మనం చెప్పకపోతే క్లయింటు అపరాధ రుసుము కట్టాలి. అందుకని చెప్పడం మానం, చెప్పే రోజును విడగొడతాం. 2025లో కావాల్సిన కాగితాల జాబితా మార్చి 24న, సోమవారం వెళ్ళింది. ఇవ్వని వాళ్ళకు 27న, 28న ఫోన్లు చేశాం. అమావాస్య రోజు, పండగ రోజు మా ఆఫీసు నుంచి ఒక్క పనిమాట కూడా బయటికి వెళ్ళలేదు. సోమవారం మళ్ళీ మామూలే.

క్లయింటే శుభాకాంక్షలకు జవాబుగా "అన్నట్టు ఆ బిల్లులు..." అని మొదలుపెడితే? "రేపు పొద్దున్నే నేను ఫోను చేస్తానండి, ఇవాళ పండగ చేసుకోండి" అంటాం. ఫోను తప్పకుండా చేస్తాం.

ఫీజు బాకీ ఉన్న వాళ్ళ సంగతి అన్నిటికంటే కష్టం. ఎనిమిది నెలలుగా డబ్బు ఇవ్వని మనిషికి పండగ రోజు మనం ఏం రాసినా, అది ఆయనకు బాకీ గుర్తు చేసినట్టే వినిపిస్తుంది. ఒక ఏడాది అలాంటి వాళ్ళను జాబితా నుంచి తీసేశాను. అది ఇంకా తప్పు. ఆ మార్కెట్టులో అందరూ ఒకరికొకరు తెలిసిన వాళ్ళే. తనకు తప్ప చుట్టుపక్కల అందరికీ సందేశం వెళ్ళిందని సాయంత్రానికల్లా తెలిసిపోతుంది. ఇప్పుడు చేసేది ఏమిటంటే, బాకీ మాట పండక్కి కనీసం మూడు వారాల ముందే, ఎదురుగా కూర్చుని అడిగేస్తాను. ఇచ్చినా ఇవ్వకపోయినా, పండగ దాటి మూడు వారాలు అయ్యేదాకా మళ్ళీ ఎత్తను. సందేశం మాత్రం అందరితో పాటే వెళ్తుంది. అందులో ఆరోగ్యం, పిల్లలు తప్ప ఇంకేమీ ఉండదు.

ఇలా రాయడం వల్ల ఏమైనా జరుగుతోందా అని తెలుసుకోవడానికి నేను జవాబుల సంఖ్య చూడను. చేతులు జోడించిన బొమ్మ మర్యాద కోసం వస్తుంది. దానికి విలువ లేదనను గానీ, నేను చూసేది ఎవరైనా ఒక వాక్యం రాశారా అన్నది. 2025 ఉగాదికి తొంభై రెండులో ముప్ఫై ఒక్క మంది సొంత మాటల్లో రాశారు. ఒకాయన తల్లికి కంటి ఆపరేషను అయిందన్నారు. ఒకావిడ కొడుకు ఫోటో పంపారు. అవన్నీ మళ్ళీ నోటు పుస్తకంలోకి వెళ్ళాయి.

ఇంకో ఆనవాలు నెమ్మదిగా కనబడుతుంది. మామూలుగా మా క్లయింట్లు ఏదైనా చేసేశాక వచ్చి చెబుతారు. ఆ మే నెలలో ఉల్లిపాయల బాబాయి గారు చేయకముందే ఫోను చేశారు. ఊరి చివర స్థలం అమ్ముతున్నాను, కొనే ఆయన రెండు లక్షలు నగదు బయానా ఇస్తానంటున్నాడు, తీసుకోనా అని. స్థలం అమ్మకానికి ఇరవై వేలు, ఆ పైన నగదుగా తీసుకోకూడదు. తీసుకుంటే తీసుకున్నంత మొత్తం జరిమానాగా పడొచ్చు. చెక్కు తీసుకోమని చెప్పాను. అది మా ఉగాది సందేశం వల్లేనని నేను చెప్పలేను. కానీ అంతకుముందు పదకొండేళ్ళలో ఆయన ఏ పనికైనా ముందు ఫోను చేయడం నాకు గుర్తు లేదు.

మైలలో ఉన్న తొమ్మిది ఇళ్ళ గురించి చెప్పలేదు. వాళ్ళకు ఉగాది రోజు ఏమీ పంపం. పండగ దాటాక నాలుగైదు రోజులకు, శుభం అన్న మాట లేకుండా రెండు వాక్యాలు రాస్తాం, లేదా నేనే వెళ్ళి కాసేపు కూర్చుని వస్తాను. పుస్తకంలో వాళ్ళ పేజీ మీద సంవత్సరీకం తేదీ ఉంటుంది. అది దాటాకే ఆ పేరు మళ్ళీ పండగ జాబితాలోకి వస్తుంది.

కిరాణా కొట్టు ఆయనకు సంవత్సరీకం 2025 జనవరిలో అయింది. ఆ ఉగాదికి ఆయన సందేశం రాయడానికి నాకు మూడు నిమిషాలు సరిపోలేదు. రెండు సాయంత్రాలు పక్కన పెట్టి, చివరికి ఇలా రాశాను: 'నమస్కారమండీ. పోయినేడు నేను ఆలోచించకుండా పంపిన సందేశం ఇప్పటికీ నన్ను బాధిస్తోంది. ఈ ఉగాది మీకూ పిల్లలకూ నెమ్మదిగా, చల్లగా గడవాలి.'

సాయంత్రం నాలుగింటికి జవాబు వచ్చింది. "చిన్నమ్మాయి పచ్చడి చేసిందండి. వాళ్ళమ్మ లాగే చింతపండు ఎక్కువ వేసింది. రేపు ఆఫీసులో ఉంటారా, కొంచెం తెస్తాను."